అమ్మేవాళ్లు లేని గదిలో చదివే కాగితం

హైదరాబాద్‌లో ఎనభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవాలనుకుందని అనుకుందాం. సోలార్ కంపెనీ మనిషి వస్తాడు. సొసైటీ సెక్రటరీతో కలిసి డాబా ఎక్కి కొలతలు తీసుకుంటాడు, కింద ఆఫీసు గదిలో టీ తాగుతూ గంటన్నర మాట్లాడతాడు. సెక్రటరీకి విషయం బాగా ఎక్కుతుంది. రెండ్రోజుల తర్వాత ఇరవై ఆరు పేజీల ప్రతిపాదన పీడీఎఫ్‌గా వస్తుంది. సెక్రటరీ దాన్ని అలాగే కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఒక్క వాక్యం రాస్తాడు: "సోలార్ కొటేషన్ వచ్చింది, అందరూ చూడగలరు."

ఇద్దరు బొటనవేలు గుర్తు పెడతారు. మిగతావాళ్లు తెరవరు. ఆదివారం మీటింగులో ట్రెజరర్ అడుగుతాడు: "మొత్తం మీద ఎంతవుతుందండీ?"

"ఇరవై లక్షల దాకా అన్నారు. సబ్సిడీ కూడా ఉందట."

"ఎంత సబ్సిడీ? ముందే తగ్గించి తీసుకుంటారా, మనం కట్టాక వస్తుందా?"

సెక్రటరీ ఫోన్ తీసి పీడీఎఫ్ తెరిచి పేజీలు జరుపుతాడు. ఆ జవాబు పద్నాలుగో పేజీలో ఒక పట్టికలో ఉంది. అది దొరికేలోపు ఇంకొకరు డాబా మీద బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని అడుగుతారు. మరొకరు పోయినేడాది వానకి పై అంతస్తులో నీళ్లు కారిన సంగతి గుర్తు చేస్తారు. "సరే, వచ్చే మీటింగులో చూద్దాం" అని లేస్తారు. ప్రతిపాదనను ఎవరూ కాదనలేదు. అయినా అది ఆగిపోయింది.

కంపెనీ మనిషి దీన్ని సెక్రటరీ చేతకానితనం అనుకుంటాడు, లేదా కమిటీవాళ్లకు ఆసక్తి లేదనుకుంటాడు. లోపం తాను పంపిన కాగితంలోనే ఉంది. గంటన్నర సేపు తాను చెప్పిన మాటల్ని సెక్రటరీ తలలో నింపి పంపాడు గానీ, వాటిని ఇంకో ఆరుగురికి అందించడానికి చేతిలో ఏమీ పెట్టలేదు. ఇరవై ఆరు పేజీలు కొనే నిర్ణయం అయిపోయాక వివరాలు సరిచూసుకోవడానికి పనికొస్తాయి. నిర్ణయం తీసుకునే ఆ పదిహేను నిమిషాలకు కావలసింది వేరే కాగితం. సెక్రటరీ ఒక్క అక్షరం మార్చకుండా, ఏ వివరణా జోడించకుండా తోటివారికి పంపగలిగేంత చిన్న సారాంశం అది.

సంస్థల్లో కొనుగోలు ఒక్క మనిషి చేతిలో ఉండదన్న సంగతి కొత్తది కాదు. ఫ్రెడరిక్ వెబ్‌స్టర్, యోరమ్ విండ్ అనే ఇద్దరు మార్కెటింగ్ పండితులు 1972లోనే దీన్ని వివరంగా రాశారు. ఏ పెద్ద కొనుగోలులోనైనా వాడేవారు, ప్రభావం చూపేవారు, నిర్ణయించేవారు, ఆర్డరు పెట్టేవారు, సమాచారం ఎవరి దాకా వెళ్లాలో అదుపు చేసేవారు ఉంటారని వాళ్లు విడదీసి చూపారు. పెద్ద కొనుగోళ్లలో సాధారణంగా ఆరు నుంచి పది మంది దాకా పాలుపంచుకుంటారని పరిశోధన సంస్థ గార్ట్‌నర్ చెబుతుంది. కొనేవాళ్లు ఆ పని మీద వెచ్చించే మొత్తం సమయంలో అమ్మకందార్లందరితో కలిపి కూర్చునేది 17 శాతమేనన్న లెక్క కూడా వాళ్లదే. పోటీలో ముగ్గురు అమ్మకందార్లు ఉంటే ఒక్కొక్కరి వాటాకు ఐదారు శాతం పడుతుంది. మిగతా కాలమంతా కొనేవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటారు, సొంతంగా ఆరా తీస్తారు. అమ్మేవారి తరఫున అక్కడ మాట్లాడేది వాళ్లు పంపిన రాతే.

అపార్ట్‌మెంటు కమిటీ ఇలాంటి కొనుగోలు బృందానికి చక్కని నమూనా. ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, నలుగురు సభ్యులు ఉంటారు. ఎవరూ జీతానికి పనిచేయరు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో చూసుకుంటారు. ఖర్చయ్యేది తమ డబ్బూ, పొరుగింటివాళ్ల డబ్బూ. రేపు ఏదైనా తేడా వస్తే లిఫ్టులో ఎదురుపడి అడిగేవాళ్లు ఉంటారు. అందుకే "అవును" అనడం కన్నా "చూద్దాం" అనడం వాళ్లకు సులువు.

ఆ సారాంశం రాయడం డాబా ఎక్కిన రోజే మొదలవ్వాలి. కొలతలు తీసుకునేటప్పుడే కంపెనీ మనిషి సెక్రటరీని రెండు విషయాలు అడిగి తెలుసుకోవచ్చు. కమిటీలో ఎవరెవరున్నారు, ఎవరు ఏం పని చేస్తారు అన్నది మొదటిది. "పోయినసారి పెద్ద ఖర్చు దేనికి పెట్టారు సర్? అప్పుడు ఎవరు ఏం అడిగారు?" అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న చాలా విలువైనది. "ఈసారి ఎవరైనా అడ్డుపడతారా?" అని నేరుగా అడిగితే మర్యాదస్తుడైన సెక్రటరీ ఎవరి పేరూ చెప్పడు. పాత సంగతి అడిగితే మాత్రం ధారాళంగా చెబుతాడు: లిఫ్టు మార్చినప్పుడు ట్రెజరర్ మూడు కొటేషన్లు అడిగారు, పై అంతస్తు ఆయన వాటర్‌ప్రూఫింగ్ గురించి గట్టిగా పట్టుబట్టారు, రిటైరయిన ఇంజినీరు గారు వారంటీ షరతులు ఒక్కొక్కటీ చదివారు. సోలార్ విషయంలో రాబోయే ప్రశ్నలు కూడా దాదాపు అవే. సారాంశంలో ఏముండాలో ఆ జవాబే తేల్చేస్తుంది.

ఇక లెక్క. ట్రెజరర్ దగ్గరే చాలా ప్రతిపాదనలు ఆగుతాయి కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద, హౌసింగ్ సొసైటీలు ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే సోలార్‌కు కిలోవాట్‌కు 18,000 రూపాయల సాయం ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున లెక్కగట్టి, మొత్తం 500 కిలోవాట్ల దాకా ఇది వర్తిస్తుంది. మన ఎనభై ఫ్లాట్ల సొసైటీ 40 కిలోవాట్లు పెట్టాలనుకుంటోంది కాబట్టి ఆ హద్దుకు చాలా లోపలే ఉంది. ప్లాంటు ధర పన్నులతో కలిపి 20 లక్షలనుకుందాం. సబ్సిడీ 7 లక్షల 20 వేలు. మిగిలేది 12 లక్షల 80 వేలు.

ఇక్కడే అమ్మేవాళ్లకు ఒక ఆశ పుడుతుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో "కేవలం 12.8 లక్షలు" అని రాయాలనిపిస్తుంది. అది చాలా నష్టం చేస్తుంది. సబ్సిడీ ప్లాంటు పెట్టి, డిస్కమ్ తనిఖీ చేసి, నెట్ మీటరు బిగించాక వచ్చేది. అప్పటిదాకా 20 లక్షలూ సొసైటీయే సర్దాలి. అంటే ఫ్లాటుకు 16,000 కాదు, ముందుగా 25,000 కావాలి, లేదా కార్పస్ ఫండ్‌లోంచి తీయాలి. ఈ తేడా ట్రెజరర్ మీటింగులో కనిపెడితే, ఆ కాగితంలోని మిగతా అంకెలన్నిటి మీదా నమ్మకం పోతుంది. అందరి ముందూ సెక్రటరీ ముఖం చిన్నబోతుంది. ఆ తర్వాత ఆయన ఆ కంపెనీ ఊసెత్తడు. ముందు కట్టాల్సింది ఎంత, తర్వాత వచ్చేది ఎంత అన్నది సారాంశమే విడివిడిగా చెబితే, అదే ట్రెజరర్ "లెక్క తిన్నగానే ఉంది" అంటాడు.

ఆదా లెక్కలో కూడా అంతే పద్ధతి. మన ప్రాంతంలో కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 40 కిలోవాట్లకు రోజుకు 160, నెలకు 4,800 యూనిట్లు. కామన్ మీటరు బిల్లులు తిరగేస్తే యూనిట్‌కు సగటున 8 రూపాయలు పడుతోందనుకుందాం. నెలకు 38,400 రూపాయల ఆదా. ఈ ఎనిమిది రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది కాగితంలో ఉండాలి. "సొసైటీ గత పన్నెండు బిల్లుల సగటు" అని రాస్తే ఏ సభ్యుడైనా బిల్లు తీసి సరిచూసుకోవచ్చు. కంపెనీ తన తరఫున ఊహించిన రేటు వేస్తే ఎవరూ సరిచూడలేరు. సరిచూడలేని అంకెను కమిటీలో ఎవరూ తమ నోటితో చెప్పరు.

ఇవన్నీ కలిపి, డాబా దిగి వచ్చిన కంపెనీ మనిషి రాయగల సారాంశం ఇలా ఉంటుంది:

*కామన్ మీటరుకు 40 కిలోవాట్ల సోలార్: కమిటీ నిర్ణయం కోసం*

*ప్రతిపాదన: రెండు బ్లాకుల డాబాల మీద 40 కిలోవాట్ల ప్లాంటు. దీని కరెంటు లిఫ్టులు, నీటి మోటార్లు, కారిడార్ లైట్లు ఉన్న కామన్ మీటరుకే వెళ్తుంది. ఫ్లాట్ల సొంత మీటర్లతో సంబంధం లేదు.*

*ఖర్చు: పన్నులతో కలిపి 20 లక్షలు. ముందు ఇదంతా సొసైటీ చెల్లించాలి. ప్లాంటు మొదలై తనిఖీ అయ్యాక, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 7.2 లక్షలు సొసైటీ ఖాతాలో పడుతుంది.*

*ఆదా: నెలకు సుమారు 4,800 యూనిట్లు. గత పన్నెండు బిల్లుల సగటు (యూనిట్‌కు 8 రూపాయలు) ప్రకారం నెలకు 38,400. పెట్టుబడి తిరిగి రావడానికి సబ్సిడీతో రెండేళ్ల తొమ్మిది నెలలు, సబ్సిడీ రాకపోతే నాలుగేళ్ల నాలుగు నెలలు.*

*డాబా: సుమారు 4,000 చదరపు అడుగులు కావాలి. ప్యానెళ్లు మనిషి ఎత్తుకు పైన ఉంటాయి, కింద నడవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. స్లాబులో బోల్టులు దిగే ప్రతి చోటా వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ ఖర్చుతో చేస్తుంది, ఐదేళ్లు లీకేజీకి బాధ్యత వహిస్తుంది.*

*గమనించాల్సినవి: వర్షాకాలంలో ఉత్పత్తి తగ్గుతుంది. వీధిలో కరెంటు పోతే ఈ ప్లాంటు కూడా ఆగుతుంది, జనరేటర్ ఉంచుకోవాల్సిందే. ప్యానెళ్లు నెలకు రెండుసార్లు కడగాలి. బిల్లు పూర్తిగా సున్నా కాదు, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉంటాయి.*

*కమిటీ నుంచి కావలసింది: దీన్ని వచ్చే జనరల్ బాడీ ముందు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం. పూర్తి కొటేషన్, వారంటీ పత్రాలు సెక్రటరీ గారి దగ్గర ఉన్నాయి.*

అంతే. ఫోన్లో రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. ఇందులో ఒక్కో విషయం ఎందుకలా ఉందో చూస్తే ఈ పని తీరు తెలుస్తుంది.

మొదటగా, ఇందులో "మేము" లేదు, "మీరు" లేదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, చేతులు మారే రాతకు చాలా ముఖ్యం. కంపెనీ మనిషి "మా ఖర్చుతో వాటర్‌ప్రూఫింగ్ చేస్తాం" అని రాస్తే, సెక్రటరీ పేరుతో గ్రూపులో పడ్డాక ఆ "మా" ఎవరిది? సొసైటీ ఖర్చుతో అని ఎవరైనా అర్థం చేసుకుంటే రభస మొదలవుతుంది. కంపెనీ, సొసైటీ, కమిటీ అని పేర్లతోనే రాస్తే ఎవరు ఎవరికి పంపినా అర్థం మారదు. "నిన్న మనం అనుకున్నట్టు", "మీరు చూపించిన ఆ మూల" వంటివి కూడా ఇదే కారణంగా తీసేయాలి. ఆ సంభాషణలో లేని మనిషికి అవి తలుపు వేసినట్టే.

రెండోది, పొగడ్త మాటలు లేకపోవడం. "అత్యుత్తమ", "నంబర్ వన్", "అద్భుత అవకాశం" అన్నవి ఒక్కటీ లేవు. ఎందుకంటే ఆ కాగితాన్ని పంపేటప్పుడు సెక్రటరీ దాని వెనక నిలబడుతున్నాడు. ప్రకటన భాషలో ఉన్నదాన్ని పంపితే, "సెక్రటరీ గారికి ఏం ముట్టిందో" అనే మాట పుట్టడానికి మన కమిటీల్లో ఎంతోసేపు పట్టదు. నిజాయితీగా పనిచేసే మనిషికి అంతకన్నా బాధ ఇంకోటి ఉండదు. పొడిగా, అంకెలతో, లోటుపాట్లతో ఉన్న కాగితం ఆయన్ని ఆ అనుమానం నుంచి కాపాడుతుంది.

"గమనించాల్సినవి" అన్న పేరా రాయడానికి చాలామంది అమ్మకందార్లు ఒప్పుకోరు. కానీ ఆ పేరా లేకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కమిటీలోని రిటైర్డ్ ఇంజినీరుకు సంగతి తెలుసు: బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తో కలిసి పనిచేసే సోలార్ ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు ప్రమాదం రాకుండా అలా తయారుచేస్తారు. ఈ విషయం ఆయన మీటింగులో లేవనెత్తితే, సెక్రటరీకి కొత్త. "కరెంటు పోతే పనిచేయని సోలార్ మనకెందుకు?" అని ఇంకెవరైనా అందుకుంటే చర్చ అక్కడితో ముగుస్తుంది. అదే కాగితంలో ముందే ఉంటే, ఆ ఇంజినీరు గారే "అది భద్రత కోసమండీ, అన్ని చోట్లా అంతే" అని మిగతావాళ్లకు వివరిస్తాడు. అడ్డం తిరగాల్సిన మనిషి సాక్షిగా మారతాడు.

చివరి పేరా అడిగింది చాలా చిన్నది. "ఆర్డరు ఇవ్వండి" అనలేదు. ఇంత ఖర్చుకు జనరల్ బాడీ అనుమతి కావాలని చాలా సొసైటీల నిబంధనల్లో ఉంటుంది. కాబట్టి కమిటీ తన పరిధిలో చేయగలిగింది ఏమిటో ఆ పనినే అడిగింది. కమిటీ చేయలేని నిర్ణయం అడిగితే వాయిదా తప్పదు. చేయగలిగింది అడిగితే ఆ పూటే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. చాలాసార్లు సెక్రటరీ ఈ సారాంశంలోని వాక్యాలనే మినిట్స్‌లో రాసుకుంటాడు. కంపెనీల్లో కూడా పర్చేజ్ విభాగంవాళ్లు కొటేషన్లను పోలుస్తూ పట్టిక తయారుచేసేటప్పుడు, పక్కన రాసే వ్యాఖ్యకు ఇలాంటి చిన్న కాగితం నుంచే మాటలు తీసుకుంటారు. తేలిగ్గా ఎత్తి రాసుకోగల వాక్యం ఎంతో దూరం ప్రయాణిస్తుంది.

పోటీ కొటేషన్ల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. ఇదే సొసైటీకి ఇంకో కంపెనీ 17 లక్షలకే ప్లాంటు ఇస్తానందనుకుందాం. చూడగానే మూడు లక్షలు తక్కువ. కానీ సూర్యఘర్ సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లూ, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవై ఉండాలి. వీటినే సోలార్ వ్యాపారంలో డీసీఆర్ ప్యానెళ్లంటారు. దిగుమతి సెల్స్‌తో చేసిన ప్యానెళ్లు చవక, వాటికి సబ్సిడీ రాదు. అప్పుడు 17 లక్షలు 17 లక్షలుగానే ఉంటుంది, 20 లక్షలది 12.8 లక్షలకు దిగుతుంది. సారాంశంలో ఎవరి పేరూ ఎత్తకుండా ఒక్క వాక్యం చేర్చితే చాలు: "ఈ ధర డీసీఆర్ ప్యానెళ్లకు, సబ్సిడీకి ఇవే తప్పనిసరి." మూడు కొటేషన్లు అడిగే ట్రెజరర్ మిగతా రెండింటిలో ఆ మాట ఉందో లేదో తానే చూస్తాడు. ఎదుటి కంపెనీని విమర్శిస్తూ రాస్తే మాత్రం సెక్రటరీ ఆ కాగితాన్ని పంపలేడు. పంపితే ఒక పక్షం వహించినట్టవుతుంది.

ఇది ఎలా పంపాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. అటాచ్‌మెంటుగా పంపితే సగం మంది తెరవరు. వాట్సాప్‌లో పట్టికలు చెదిరిపోతాయి, ఫోన్లో పీడీఎఫ్‌ను వేళ్లతో పెద్దది చేసుకుని చదివే ఓపిక రాత్రి తొమ్మిదింటికి ఎవరికీ ఉండదు. మెయిల్‌లోనైనా వాట్సాప్‌లోనైనా మామూలు అక్షరాలుగానే ఉండాలి. వాట్సాప్‌లో పొడవైన సందేశం మొదటి కొంత భాగమే కనిపిస్తుంది, మిగతాది నొక్కి తెరవాలి. అందుకే విషయం, ఖర్చు మొదటి పేరాల్లోనే పడాలి. వాట్సాప్ ఫార్వర్డ్ చేసిన సందేశం మీద ఫార్వర్డ్ అయిందన్న గుర్తు కూడా చూపిస్తుంది. చాలామంది సెక్రటరీలు అందుకే కాపీ చేసి తమ సందేశంగా పెడతారు. అలా పెట్టడానికి వీలుగా ఉందా అన్నదే ఈ రాతకు మంచి పరీక్ష.

సెక్రటరీకి రాసే మాటలు, కమిటీకి వెళ్లాల్సిన మాటలు వేరు వేరుగా ఉండాలి. పైన రెండు మూడు వాక్యాల ఉత్తరం, మధ్యలో గీత, కింద సారాంశం. పై ఉత్తరం ఇలా ఉండొచ్చు: "నమస్తే సర్. శనివారం మీరు అడిగిన వివరాలు గీత కింద ఇచ్చాను. కమిటీకి పంపడానికి వీలుగా ఉంటుందని ఇలా రాశాను. మీకు తోచిన మార్పులు చేసుకోండి. ఏదైనా అంకె తేడాగా అనిపిస్తే ఫోన్ చేయండి, సరిచేసి పంపుతాను."

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది చాలా తరచుగా జరుగుతుంది. గీత పైన రాసినది సెక్రటరీ ఒక్కడే చదువుతాడని కంపెనీ మనిషి ధైర్యంగా ఉంటాడు. "ట్రెజరర్ గారు కాస్త పట్టుదల మనిషని విన్నాను, ఆయన్ని మీరు చూసుకోవాలి" అని ఒక వాక్యం చేర్చుతాడు. సెక్రటరీ హడావుడిగా మెయిల్ మొత్తాన్ని ఫార్వర్డ్ చేస్తాడు. ట్రెజరర్ మొదట చదివేది ఆ వాక్యమే. అలాంటి ఒక్క వాక్యం తర్వాత ఎంత మంచి లెక్కైనా పనిచేయదు. కాబట్టి గీత పైన రాసినదాన్ని కూడా అందరూ చదువుతారన్న ఎరుకతోనే రాయాలి. మనుషుల గురించి చెప్పుకోవాల్సిన మాటలుంటే ఫోన్లో చెప్పుకోవాలి.

"మీకు తోచిన మార్పులు చేసుకోండి" అన్నది మర్యాద కోసం చేర్చిన మాట కాదు. సెక్రటరీ ఆ రాతలో చేయి పెడితే అది సగం ఆయనదవుతుంది. ఏం మార్చాడో చూస్తే ఆయన కమిటీ గురించి కూడా తెలుస్తుంది. "నాలుగేళ్ల నాలుగు నెలలు" అన్న ముక్క తీసేశాడంటే, సబ్సిడీ రాకపోవచ్చన్న భయం కమిటీలో ఇప్పటికే ఉందని అర్థం. అప్పుడు ఆ ముక్క ఎందుకు ఉండాలో ఆయనతో మాట్లాడాలి. సబ్సిడీకి సొసైటీ పేరుతో ఏ పత్రాలు కావాలో, దరఖాస్తు ఎవరు చేస్తారో వివరంగా చెబితే భయం తగ్గుతుంది, అంకె దాచాల్సిన అవసరం రాదు.

సారాంశం పని చేసిందా లేదా అన్నది వారంలో తెలిసిపోతుంది. తాను కలవని మనిషి నుంచి ప్రశ్న వస్తే అది లోపలికి చేరినట్టే. "మా బ్లాకులో ఉన్న వాటర్ ట్యాంకు నీడ పడదా?" అని మూడో అంతస్తు సభ్యుడు అడిగాడంటే, చదివాడు, తన డాబా ఊహించుకున్నాడు. నీడ ప్రశ్న చాలా సరైనది కూడా. వరుసలో ఒక ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. అదే "కొటేషన్ మళ్లీ పంపండి", "ఇంకెంత తగ్గిస్తారు?" అన్న మాటలే సెక్రటరీ నోటినుంచి వస్తుంటే కాగితం ఆయన ఫోన్ దాటలేదని అనుమానించాలి. ఎందుకు దాటలేదో మెల్లగా కనుక్కోవాలి. బహుశా ఆయనకే నమ్మకం కుదరలేదేమో.

అలాంటప్పుడు ఎంత చక్కగా రాసినా లాభం లేదు. అమెరికాలో కార్పొరేట్ కొనుగోళ్లను అధ్యయనం చేసిన బ్రెంట్ ఆడమ్‌సన్ తదితరులు 2015లో వచ్చిన 'ది ఛాలెంజర్ కస్టమర్' పుస్తకంలో ఈ విషయాన్నే నొక్కి చెప్పారు. స్నేహంగా మాట్లాడే మనిషి, తోటివారిని కదిలించగల మనిషి ఒకరే కానక్కర్లేదు. టీ ఇచ్చి, ఓపికగా విని, ప్రతిదానికీ "బావుంది" అనే సెక్రటరీ కమిటీలో నోరు విప్పకపోవచ్చు. గుచ్చి గుచ్చి అడిగిన రిటైర్డ్ ఇంజినీరే రేపు లేచి వివరించే మనిషి కావచ్చు. అప్పుడు సారాంశం సెక్రటరీ ద్వారానే పంపుతూ, "ఇంజినీరు గారు ఒకసారి చూస్తే అంకెలు గట్టిపడతాయి సర్" అని అడగడంలో తప్పు లేదు. సెక్రటరీని దాటి నేరుగా ఆయన ఇంటి తలుపు తడితే మాత్రం ఇద్దరి నమ్మకమూ పోతుంది.

ప్రశ్నలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ట్యాంకు నీడ గురించి అడిగిన వెంటనే మళ్లీ ఇరవై పేజీల జవాబు పంపకూడదు. పాత సారాంశంలోనే 'డాబా' పేరాకు ఒక వాక్యం చేర్చాలి: "రెండో బ్లాకు ట్యాంకుకు ఉత్తరాన ప్యానెళ్లు పెట్టడం లేదు, అందుకే ఆ డాబా మీద తక్కువ, మొదటి బ్లాకు మీద ఎక్కువ వస్తాయి." పైన తేదీ వేసి, "మార్చిన ప్రతి" అని రాసి, మొత్తం మళ్లీ పంపాలి. తేదీ లేకపోతే గ్రూపులో రెండు సారాంశాలు తిరుగుతుంటాయి, ఒకరు పాత అంకె చెబితే ఇంకొకరు కొత్తది చెబుతారు. ధర మారితే ఇది మరీ ముఖ్యం. ధర మార్చి ఆ సంగతి రాయకపోతే దాచిపెట్టినట్టు కనిపిస్తుంది. ఎందుకు మారిందో ఒక్క ముక్క రాస్తే చాలు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, మునిసిపాలిటీ వంటివి టెండరు పిలిచినప్పుడు, బిడ్లు తెరిచి పరిశీలించే దశలో కమిటీ సభ్యుల్లో ఒకరికి విడిగా సారాంశం అందించడం తప్పు. అక్కడ అడిగిన నమూనా పత్రాల్లోనే, అడిగిన క్రమంలోనే సమాధానం ఇవ్వాలి. సందేహాలుంటే టెండరుకు ముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో అందరి ముందూ అడగాలి. సొసైటీల్లో కూడా, సీల్డ్ కవర్లు తీసుకుంటామని కమిటీ ముందే తీర్మానించుకుంటే అదే నియమం. అలాంటి చోట కంపెనీ మనిషి చేయగలిగింది ఒకటుంది. కవరులో పెట్టే ప్రతిపాదనకు మొదటి పేజీగా ఇదే సారాంశాన్ని పెట్టొచ్చు. అప్పుడు అది ఒక సభ్యుడికి విడిగా ఇచ్చింది కాదు, కవరు తెరిచిన రోజు కమిటీలో అందరూ ఒకేసారి చదివేది.